లాపెల్‌ను తిప్పేది ఇస్త్రీ పెట్టె కాదు

పాతబస్తీలో కోటు కుట్టించుకుందామని పత్తర్‌గట్టీలో గానీ మదీనా దగ్గర గానీ ఏ దుకాణం మెట్లెక్కినా ఈ మధ్య ఒకే మాట చెబుతున్నారు. కోటు ముందు భాగంలో వెంట్రుకల కాన్వాస్ పరిచి, లాపెల్ నిండా చేత్తో టాంకాలు వేసే పద్ధతికి కాలం చెల్లిపోయిందట. మంచి పేస్టింగ్ తెచ్చి వేడి ప్రెస్ కింద పెడితే అదే లాపెల్ నిమిషంలో తయారవుతుందట. లోపల ఏముందో ఎవరు విప్పి చూస్తారన్నది దానికి తోడు మాట. ఈ మాట అంటున్నవాళ్లు పని తెలియనివాళ్లు కాదు. నాతో పాటు సూది పట్టిన కటింగ్ మాస్టర్లే అంటున్నారు. అందుకే దీనికి జవాబు చెప్పాలనిపించింది. తెలియనివాళ్లు అంటే అది అభిప్రాయం. తెలిసినవాళ్లు అంటే అది రేపటి కుర్రాళ్లకు పాఠమై కూర్చుంటుంది.

వాళ్ల వాదనను తక్కువ చేసి చూపను. పేస్టింగ్ అంటే ఒక వైపు జిగురు చుక్కలు అద్దిన గుడ్డ. దాన్ని కోటు బట్ట వెనక పెట్టి 120 నుంచి 150 డిగ్రీల వేడిలో 10, 20 సెకన్లు బరువుతో అదిమితే జిగురు కరిగి రెండూ ఒక్కటవుతాయి. గత శతాబ్దం మధ్యలో ఇది వచ్చినప్పుడు త్వరగా ఊడిపోయేది, బుడగలు లేచేవి. ఇప్పుడు సరుకు చాలా మెరుగైంది. మంచి ఫ్యాక్టరీలో, సరైన ప్రెస్ మీద, బట్టకు తగిన రకం ఎంచి వేస్తే ఏళ్ల తరబడి ఊడకుండా ఉంటుంది. ఇదంతా నిజమే. కానీ వాళ్లు ఇక్కడి నుంచి ఒక్క గంతు వేసి, ఊడదు కాబట్టి కాన్వాస్‌తో సమానమే అంటారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. లాపెల్ అందం దాని బిరుసులో ఉందని, బిరుసు ఎలా తెచ్చినా ఒకటేనని వాళ్లు నమ్ముతున్నారు. లాపెల్‌కు కావలసింది బిరుసు కాదు, తిరుగుడు. తిరుగుడు జిగురుతో రాదు, ఇస్త్రీతోనూ రాదు. పొరల పొడవుల్లో తేడాను దారంతో కట్టేస్తే వస్తుంది.

కోటు వేసుకునేవాళ్లందరికీ లోపలి సంగతి తెలియాలని లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మెడ దగ్గర మొదలై మొదటి గుండీ దాకా, ఛాతీ మీదికి వెనక్కి వాలి ఉండే రెక్కే లాపెల్. అది ఏ గీత దగ్గర వెనక్కి తిరుగుతుందో ఆ గీతను రోల్ లైన్ అంటాం. వెనక్కి తిరిగాక అందులో మూడు పొరలుంటాయి. ఛాతీకి ఆనుకుని, మనకు కనిపించకుండా ఉండేది కోటు ముందుభాగపు బట్టే. దాని మీద కాన్వాస్. అన్నిటికన్నా పైన, లోకానికి కనిపించేది ఫేసింగ్. మలుపులో లోపలి పొర తిరిగే దారి చిన్నది, పై పొర తిరిగే దారి పెద్దది.

ఒక నోటు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని వంచండి. పేజీల అంచులు మెట్లు మెట్లుగా జరుగుతాయి. అలా వంచి ఉండగానే ఆ అంచును క్లిప్పులతో బిగించి వదిలేస్తే పుస్తకం వంపులోనే ఉండిపోతుంది. బల్ల మీద చదునుగా ఉన్నప్పుడు బిగించి ఆ తర్వాత వంచితే అది ఎదురు తిరుగుతుంది, వదలగానే చదునవుతుంది. రెంటిలోనూ ఉన్నవి అవే కాగితాలు, అవే క్లిప్పులు. మారిందల్లా ఏ స్థితిలో బిగించామన్నది ఒక్కటే.

లాపెల్ దాదాపు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, అంటే 180 డిగ్రీలు. రెండు పొరల మధ్య ఎడం ఒక్క మిల్లీమీటరు ఉన్నా పై పొరకు 3 మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువ దారి కావాలి. ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న. పేస్టింగ్‌లో రెండు పొరలూ ప్రెస్ బల్ల మీద చదునుగా పడుకుని, సమానమైన పొడవులో అంటుకుపోతాయి. అంటే వాటికి పుట్టుకతో వచ్చిన ఆకారం చదును. ఆ తర్వాత మీరు దాన్ని ఎంత ముద్దుగా వెనక్కి మడిచినా అది పుట్టిన ఆకారానికే పోవాలని చూస్తుంది. అందుకే దుకాణంలో దాన్ని వేడి ఇస్త్రీతో గట్టిగా నొక్కి మడత పెడతారు. అది మడత అవుతుంది గానీ రోల్ కాదు. ప్యాంటు ముందు మడత లాంటి పదునైన గీత గుండీ దాకా దిగి, లాపెల్ ఛాతీకి అతుక్కుపోయి పలకలా పడి ఉంటుంది.

ఇప్పుడు టాంకా ఏం చేస్తుందో చూడాలి. దీన్ని ప్యాడ్ స్టిచ్ అంటాం. ముందుగా కాన్వాస్ సంగతి. దీని పడుగు నూలు, పేకలో మేక వెంట్రుకలు కలిసి ఉంటాయి. ఛాతీ ముక్కకైతే గుర్రపు తోక వెంట్రుకలతో నేసిన ఇంకా గట్టి రకం వాడతాం. పడుగు వైపు అది మెత్తగా జారుతుంది, పేక వైపు స్ప్రింగులా తన్నుతుంది. పిడికిట్లో నలిపి వదిలితే విచ్చుకుని లేవాలి. నలిగినట్టే ఉండిపోతే అది పేరుకే కాన్వాస్. అంగడిలో వెంట్రుకల కాన్వాస్ అని చెప్పి పాలిస్టర్ అంటగట్టేవాళ్లున్నారు. పేకలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది.

కాన్వాస్‌ను నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, తర్వాతే కత్తిరించాలి. ఆ పని తప్పించుకుంటే కోటు పూర్తయ్యాక మొదటి వానకో, మొదటి ఆవిరి ఇస్త్రీకో కాన్వాస్ లోపల ముడుచుకుని పై బట్ట ఉబ్బుతుంది. కస్టమర్ వచ్చి కాన్వాస్ కోటు ఇలాగే ఉంటుందా అని అడుగుతాడు. తప్పు కాన్వాస్‌ది కాదు, నానబెట్టనివాడిది.

కోటు ముందుభాగం మీద కాన్వాస్‌ను కచ్చా టాంకాలతో నిలిపాక రోల్ లైన్‌ను సుద్దతో గీస్తాం. ఆ గీత పక్కనే, ఛాతీ వైపు, ఒక సన్నని నూలు టేపు కుడతాం. ఈ టేపును గీత పొడవు కంటే కొంచెం తక్కువగా కత్తిరించాలి. ఆ తక్కువను మధ్య మూడో వంతులోనే సర్దాలి. పైనా కిందా టేపు, గీత సమానంగా పోతాయి. ఛాతీ ఎత్తు వచ్చేది మధ్యలో గనుక అక్కడ కొద్దిగా లాగి పట్టి ఉంచితే లాపెల్ ఛాతీ మీద నోరు తెరవకుండా ఒదిగి ఉంటుంది. మరీ ఎక్కువ లాగితే గీత వెంబడి ముడతలు పడి లాపెల్ ఎగిరి నిలబడుతుంది.

తర్వాత అసలు పని. లాపెల్‌ను కాన్వాస్ పైకి ఉండేలా పట్టుకుని ఎడమ చూపుడు వేలి మీదుగా వంచాలి. కింద బట్ట, పైన కాన్వాస్. వంపు బయటివైపు కాన్వాస్ ఉంది కాబట్టి ఆ వేలి మీద దానికి ఎక్కువ దారి దొరుకుతుంది. ఎడమ బొటనవేలితో కాన్వాస్‌ను ఇసుమంత ముందుకు తోసి, సూదిని అడ్డంగా గుచ్చి, కింద బట్టలో ఒక పోగో రెండు పోగులో మాత్రమే పట్టుకుని తీయాలి. దారం ఏటవాలుగా పడుతుంది. అలా ఒక వరస కిందికి, పని తిప్పకుండానే పక్క వరస పైకి, రోల్ లైన్‌కు సమాంతరంగా పోవాలి. రోల్ లైన్ దగ్గర టాంకా అంగుళంలో మూడో వంతు ఉండొచ్చు. అంచు వైపు, ముఖ్యంగా కొన వైపు, పావు అంగుళానికి తగ్గాలి, వరసలు దగ్గర పడాలి. టాంకా ఎంత చిన్నదైతే అక్కడ అంత ఎక్కువ వంపు బిగుసుకుంటుంది. కొన కిందికి ముడుచుకుని ఉండాలి గనుక అక్కడ పొదుపు పనికిరాదు.

ఉస్తాద్ దగ్గర మొదట నేర్చుకున్నది ఈ వేలి సంగతే. ఆయన నా పక్కన కూర్చుని, నేను లాపెల్‌ను బల్ల మీద చదునుగా పెట్టి టాంకాలు వేయబోతే చేయి పట్టి ఆపేవారు. ‘ఉంగ్లీ పో మోడ్ కో సీనా’ అనేవారు, వేలి మీద వంచి కుట్టాలని. బల్ల మీద చదునుగా వేసిన టాంకాలు ఎన్ని వందలైనా పేస్టింగ్ చేసిన పనే చేస్తాయి. చేత్తో వేశామన్న పేరు తప్ప రోల్ రాదు. ఇది నేను పేస్టింగ్ వాళ్లకు ఎంత గట్టిగా చెబుతానో, చేతిపని పేరు చెప్పుకుని చదునుగా కుట్టే మా వాళ్లకూ అంతే గట్టిగా చెబుతాను.

వంచి కుడితే ఏమవుతుందో కోటు పూర్తి కాకముందే తెలిసిపోతుంది. ఫేసింగ్ వేయక ముందు, ఇస్త్రీ తగలక ముందు, ఆ ముందుభాగాన్ని భుజం దగ్గర పట్టుకుని వేలాడదీయండి. లాపెల్ తనంతట తానే గీత దగ్గర వెనక్కి వాలుతుంది. దాన్ని తెరిచి వదిలితే మళ్లీ వెళ్లి పడుకుంటుంది. ఎవరూ మడత పెట్టలేదు, ఎవరూ నొక్కలేదు. ఇస్త్రీతోనే రోల్ వస్తుందనేవారు ఈ ఒక్క దృశ్యానికి సమాధానం చెప్పాలి.

రోల్ అంత గుండ్రంగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. టాంకాలు లాపెల్‌ను వెనక్కి లాగుతున్నాయి. గీత మీదుగా ఏటవాలుగా దాటే వెంట్రుక పోగులు నిటారు కావాలని బయటికి తన్నుతున్నాయి. ఆ రెండు బలాలూ సరిపోయిన చోట వంపు నిలుస్తుంది. వెంట్రుక లేకుండా నూలు కాన్వాస్ మీదే టాంకాలు వేస్తే తిరుగుతుంది గానీ నిండు ఉండదు. వెంట్రుక ఉండి టాంకాలు లేకపోతే తన్నుతుంది గానీ తిరగదు. అందుకే పైన మెడ దగ్గర దగ్గరగా ఒదిగి, కిందికి వచ్చేకొద్దీ విచ్చుకుంటూ, గుండీకి రెండంగుళాల పైన మెత్తగా తెరుచుకునే ఆ రేఖ ప్రాణమున్నట్టు కనిపిస్తుంది. ఆ కింది భాగాన్ని ఇస్త్రీ పెట్టెతో ఎప్పుడూ నొక్కకూడదు. పనంతా అయ్యాక దానికి ఆవిరి చూపించి చేత్తో సర్దితే చాలు.

ఇక వాళ్ల రెండో మాట. ఈ ఊళ్లో కోటు ఎవరు రోజూ వేసుకుంటారు, పెళ్లికి ఒకసారి వేసి బీరువాలో పెడతారు, దానికి ఇంత శ్రమ దేనికి అంటారు. మదీనా దాటి మూసీ ఒడ్డుకు వెళ్లి చూడండి. 1920లో తెరుచుకున్న హైకోర్టు భవనం అక్కడే ఉంది. అందులోకి వెళ్లే ప్రతి వకీలూ నల్ల కోటు వేసుకునే వెళ్తాడు. బార్ కౌన్సిల్ నియమాల్లో ముందు తెరుచుకుని లాపెల్ ఉన్న నల్ల కోటూ ఉంది, గుండీలు పూర్తిగా పెట్టే కోటు, అచ్కన్, షేర్వానీ కూడా ఉన్నాయి. వేసవిలో కింది కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదని సడలింపు ఇచ్చారు గానీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు ఆ సడలింపు లేదు. అంటే ఈ ఊళ్లో ఎండలోనూ వానలోనూ, స్కూటర్ మీద, ఆటోలో, కోర్టు హాల్లో రోజూ లాపెల్ కోటు మోసే మనుషులు వందలకొద్దీ ఉన్నారు. పెళ్లికొడుకును చూసి కోటు నియమాలు రాయడం ఏం న్యాయం?

అలాంటి ఒక వకీలు గారు తన నల్ల కోటు తెచ్చి బల్ల మీద పెట్టారు. వేరే చోట కుట్టించింది, రెండేళ్లు కాలేదు. ఎడమ లాపెల్ మీద గోరంత బుడగలు నాలుగైదు, రోల్ లైన్ వెంబడే ఉన్నాయి. గీత నల్లగా, నిగనిగా మెరుస్తోంది. లాపెల్ కొన బయటికి తిరిగి చూస్తోంది.

‘‘మాస్టర్, ఇస్త్రీ చేయించినప్పుడల్లా ఒక రోజు బాగుంటుంది, మర్నాడు మళ్లీ ఇదే కథ. లాండ్రీవాడి తప్పా?’’ అన్నారు.

‘‘లాండ్రీవాడిదీ కొంత ఉంది సార్, కానీ మొదలు అక్కడ కాదు’’ అని ఫేసింగ్ కింది అంచు విప్పి చూపించాను. అంచు పక్కన పేస్టింగ్ ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. రోల్ లైన్ దగ్గరకు వచ్చేసరికి వేలితో తట్టగానే కాగితంలా లేచింది. ప్రెస్ మీద కాకుండా చేతి ఇస్త్రీతో అతికించినట్టుంది, ఒక చోట జిగురు బాగా కరిగింది, ఒక చోట సగమే కరిగింది. ఆ సగం కరిగిన జిగురును రోజూ వంచే చోటే పెట్టారు. పెట్రోల్ వాష్‌కు, ఆవిరికి బట్ట ఒక తీరున, పేస్టింగ్ మరో తీరున ముడుచుకుంటాయి. ఆ లాగులాటలో బలహీనమైన చోట ఊడి బుడగ లేస్తుంది. లాపెల్ నిలవడం లేదని లాండ్రీలో ప్రతిసారీ ఇంకాస్త వేడి పెట్టి నొక్కారు. బట్టలో పాలిస్టర్ పాలు ఎక్కువ గనుక మెరుపు పట్టేసింది. ఆ మెరుపు పోదు. మళ్లీ అతికిద్దామంటే ఊడిన పేస్టింగ్‌లో జిగురు సగమే మిగిలింది, బట్టకు అంటుకున్న మరకలు మిగిలాయి. ఆ కోటుకు చేయగలిగింది లేదని చెప్పాను.

కొత్త కోటుకు అదే రకం నల్ల బట్ట ఇచ్చారు. ఛాతీ 40, రెండు గుండీలు, లాపెల్ వెడల్పు మూడుంపావు అంగుళాలు. రోల్ లైన్ పద్నాలుగున్నర వచ్చింది. టేపు పద్నాలుగు పెట్టాను. ఆ అర అంగుళం మధ్యలో సర్దాను. పైనా కిందా చెరో నాలుగున్నర అంగుళాలు ముట్టుకోలేదు. లాపెల్ బాగా వెడల్పున్న చోట ఎనిమిది వరసలు పట్టాయి. ఒక్కో వైపు రెండొందల యాభై దాకా టాంకాలు ఉంటాయి. మైనం రాసిన ఒంటి దారం, పొట్టి సూది. రెండు వైపులకూ కలిపి గంటన్నర పట్టింది. ఈ బట్టకు ఉన్ని లాగా ఆవిరికి లొంగి ఆకారం మార్చుకునే గుణం తక్కువ. అందుకే ఇక్కడ టాంకా పని మరింత అవసరం. ఉన్ని బట్టలో కుట్టు కొంత తప్పినా ఇస్త్రీ కాపాడుతుంది. ఈ బట్టలో కుట్టే దిక్కు.

చివర్లో ఫేసింగ్‌ను లాపెల్ కంటే కొద్దిగా, అంగుళంలో ఎనిమిదో వంతు, వెడల్పుగా ఉంచాను. అది అన్నిటికన్నా పై పొర, దాని దారి అన్నిటికన్నా పెద్దది. ఆ వదులు ఇవ్వకపోతే కింద వేసిన ఐదొందల టాంకాలూ వృథా. పైన బిగువైన ఫేసింగ్ లాపెల్‌ను పట్టి వెనక్కి లేపేస్తుంది. కాన్వాస్ వేయించాను, అయినా కొన లేచింది అని ఎవరైనా అంటే ముందు ఈ వదులు ఇచ్చారా లేదా చూడాలి.

ఆ కోటు ఇప్పుడు లాండ్రీకి వెళ్లి నలిగి వచ్చినా, ఆవిరి చూపించి హ్యాంగర్‌కు వేలాడదీస్తే లాపెల్ తన చోటికి తాను వస్తుంది. పేస్టింగ్ కోటును లాండ్రీవాడు ఎలా నొక్కితే అలా ఉంటుంది. నిలిచే రోల్ అని నేననేది దీన్నే. ఎన్నడూ నలగకపోవడం కాదు, నలిగాక తిరిగి రావడం.

ఎండ మాట ఇంకొకటి ఉంది. హైదరాబాద్ ఎండలకు కాన్వాస్ బరువు, ఉక్క అంటారు. బరువు కాన్వాస్ తెచ్చి, దాని మీద గుర్రపు వెంట్రుకల ముక్క, దాని మీద ఫెల్ట్ వేస్తే ఉక్కగానే ఉంటుంది. ఎవరు వేయమన్నారు? సన్నని మేక వెంట్రుకల కాన్వాస్‌ను ఛాతీ, లాపెల్ వరకే వేసి, కింది భాగం వదిలేసి, ఫెల్ట్ మానేసి, వీపుకు లైనింగ్ సగమే వేయొచ్చు. వకీలు గారి కోటు అలాగే కుట్టాను. వెంట్రుకల కాన్వాస్ నేత వదులుగా ఉంటుంది, బట్టకు అక్కడక్కడ దారంతోనే అంటి ఉంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది. పేస్టింగ్ బట్ట వెనక అంతటా జిగురు చుక్కలతో పరుచుకుని ఉంటుంది. ఉక్క గురించి మాట్లాడాలంటే ముందు దాని గురించే మాట్లాడాలి.

మనది షేర్వానీ ఊరు, లాపెల్ మనకు పరాయిది, దాని కోసం ఇంత పట్టుదల దేనికి అనేవారూ ఉన్నారు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది, చాలా పొడవైనది, రెండంతస్తులు. ఆయన 1911లో పోయారు. దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో ఆయన దొరల తరహా దుస్తుల్లోనూ కనిపిస్తారు. ఈ పాతబస్తీకి కోటు నిన్న మొన్న రాలేదు. అదీగాక షేర్వానీకి లాపెల్ లేకపోయినా కాలర్ ఉంది. అది మెడ చుట్టూ గుండ్రంగా తిరిగి నిలబడాలి. వంపులో బయటి పొర దారి పెద్దది, లోపలి పొర దారి చిన్నది, ఇక్కడా అదే లెక్క. కాలర్‌ను చేతిలో వంచి పట్టుకుని కాన్వాస్‌కు టాంకాలు వేసినవాడి షేర్వానీ మెడకు గుండ్రంగా ఒదుగుతుంది. అట్టలా పేస్టింగ్ వేసిన కాలర్ ముందు కోణాలు కోణాలుగా విరుగుతుంది. షేర్వానీ కుట్టే చేతికి ఈ పని కొత్త కాదు. కొత్త అని చెబుతున్నది దాన్ని వదిలేసినవాళ్లు.

అన్ని కోట్లకూ ఇదే కావాలని నేననను. కిరాయికి ఇచ్చే పెళ్లి సూట్లకు, ఏడాదిలో కురచైపోయే పిల్లల కోట్లకు పేస్టింగే సరి. మరీ పలచటి బట్టకు టాంకా గుంటలు లాపెల్ కింది వైపు కనిపిస్తాయి, అక్కడ కాన్వాస్ మీద పంతం పట్టడం బట్టకు అన్యాయం. ఈ టాంకాలు వేసే మెషీన్లూ ఉన్నాయి. జర్మనీ కంపెనీ స్ట్రోబెల్ చేసే మెషీన్ లాపెల్‌ను వంపు మీద నడిపిస్తూ కుడుతుంది. ఆ పనిని నేను చిన్నచూపు చూడను, ఎందుకంటే సూత్రం అదే, వంచి కుట్టడమే. చెయ్యా, మెషీనా అన్నది నా గొడవ కాదు. వంచి బిగించారా, చదునుగా బిగించారా అన్నదే నా గొడవ. చేత్తో చెడ్డగా కుట్టినదానికంటే ప్రెస్ మీద మంచిగా వేసిన పేస్టింగ్ మేలు అన్నది కూడా ఒప్పుకుంటాను. దారం బిగించి లాగితే లాపెల్ కింద గుంటల వరసలు తేలతాయి. వదులుగా వదిలితే కాన్వాస్ లోపల తేలిపోతుంది. పనివాడు తప్పు చేస్తే పనిని దిద్దాలి గానీ పద్ధతిని పారేయకూడదు.

నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది మరొకటి ఉంది. పేస్టింగ్ వేసి, కాన్వాస్ కోటు అని చెప్పి, కాన్వాస్ మజూరీ తీసుకోవడం. పేస్టింగ్ సరుకుకే కాన్వాస్ అన్న పేరు వాడుకలో కలిసిపోయింది గనుక అడిగినవాడికి అబద్ధం చెప్పినట్టు కూడా ఉండదు. లోపల ఎవరు చూస్తారన్న మాట ఇక్కడ పుట్టిందే. కానీ చూడొచ్చు, విప్పక్కర్లేదు. కింది కాజా దగ్గర కోటు ముందుభాగాన్ని రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, పై బట్టనూ లోపలి ఫేసింగ్‌నూ మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర వేరుగా, వదులుగా కదిలితే కాన్వాస్ కింది దాకా ఉంది. కదలకుండా పై బట్ట దళసరిగా తగిలితే పేస్టింగ్. ఛాతీ, లాపెల్ వరకే కాన్వాస్ వేసిన కోటులో కింద ఇది తెలియదు, అదే పరీక్ష ఛాతీ దగ్గర చేయాలి. తర్వాత లాపెల్ తిప్పి కింది వైపు వెలుతురులో చూడండి. సూదిమొనంత గుంటలు వరసల్లో సన్నగా కనిపిస్తే టాంకాలున్నట్టు. చివరగా లాపెల్‌ను పూర్తిగా తెరిచి, చదును చేసి వదలండి. అది తిరిగి వెళ్లి పడుకోవాలి.

పనిలోకి వస్తున్న కుర్రాళ్లకు మొదటి ఏడాదే ఇస్త్రీ పెట్టె, పేస్టింగ్ చుట్ట ఇచ్చి ఇదే కోటు పని అంటున్నారు. వాళ్లకు పాత కాన్వాస్ ముక్క, పాత బట్ట ముక్క ఇచ్చి, వేలి మీద వంచి పది వరసలు కుట్టించండి. ఇంకో ముక్క మీద బల్ల మీదే చదునుగా పది వరసలు కుట్టించండి. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టించండి. ఒకటి గొట్టంలా చుట్టుకుంటుంది, ఒకటి చదునుగా పడి ఉంటుంది. పేస్టింగ్ నేర్పేది ఆ తర్వాత నేర్పండి.